సంపాదకుని బల్ల మీదికి ఒక ప్రతిపాదన
(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువ రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మాట్లాడదలచినది వ్యాసం ఎలా వ్రాయాలన్న సంగతి కాదు. వ్యాసానికి ముందు వ్రాయవలసిన ఒక పుట గురించి. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా బయటి నుంచి వ్రాసేవారు, తాము వ్రాయబోయే కథనం ఏమిటో సంపాదకునికి ముందుగా తెలియజేసి, ‘వ్రాసి పంపండి’ అనిపించుకొనే లేఖ అది. ఇంగ్లీషు పత్రికల వారు దీనిని పిచ్ అంటారు. మనం ప్రతిపాదన అందాం. కథకూ కవితకూ ఇది అవసరం లేదు, వాటిని పూర్తిగా వ్రాసే పంపాలి. క్షేత్రానికి వెళ్లి, పదిమందితో మాట్లాడి, కాగితాలు చూసి వ్రాసే కథనాలకు మాత్రం ప్రతిపాదనే ద్వారం.

మా బృందం వద్దకు యువతీ యువకులు తీసుకువచ్చే కాగితాలలో ఎక్కువ భాగం రెండు రకాలుగా ఉంటున్నవి. ఒకటి, పూర్తి చేసిన పన్నెండు పుటల వ్యాసం. దానిని పదిహేను పత్రికలకు ఒకే మెయిల్‌లో పంపి ఉంటారు. అందరి చిరునామాలూ అందరికీ కనబడుతూ ఉంటవి. రెండవది, ఖండన ప్రకటన. ‘తీవ్రంగా ఖండిస్తున్నాము, ప్రభుత్వం వెంటనే స్పందించాలి’ అన్న ధోరణి. ప్రకటనకు దాని స్థానం దానికున్నది, అది విలేకరికి ఇవ్వవలసినది. సంపాదకుడు దానిలో కథనాన్ని వెతకడు. అతనికి కావలసినది ఒక ప్రశ్న, ఆ ప్రశ్నకు సమాధానం తేగల మనిషి.

విషయం వేరు, కథనం వేరు. ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్లే. మన తీరం నుంచే ఉదాహరణ తీసుకుందాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీర గ్రామాల నుంచి జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలస వెళ్లి, అక్కడి పడవల మీద కూలికి వేట చేస్తారన్నది మనందరికీ తెలిసినదే. 2018 నవంబరులో వారిలో కొందరు పాకిస్తాన్ గస్తీ వారికి పట్టుబడినారు. 2020 జనవరిలో ఇరవై మంది విడుదలై వాఘా సరిహద్దు గుండా తిరిగి వచ్చినారు. 2025 ఫిబ్రవరిలో ఆ ఉదంతం ఆధారంగా ‘తండేల్’ సినిమా కూడా వచ్చింది. ఇప్పుడు ఒక చెల్లెలు సంపాదకునికి ఇలా వ్రాసిందనుకోండి: ‘ఉత్తరాంధ్ర మత్స్యకారుల వలస కష్టాలపై సమగ్ర వ్యాసం వ్రాయదలచినాను. అనుమతించగలరు.’

ఈ లేఖకు జవాబు రాదు. వలస కష్టాలు అబద్ధం కావు. సంపాదకుడు కఠినుడూ కాడు. కాని ‘మత్స్యకారుల వలస’ ఒక విషయం మాత్రమే. దాని మీద పత్రికలు వ్రాసినవి, టీవీలు చూపినవి, సినిమా కూడా వచ్చింది. కొత్తగా ఏమి తెస్తారో లేఖ చెప్పలేదు. ‘సమగ్ర’ అన్న మాట వింటేనే సంపాదకునికి భయం. తెగని వ్యాసం వస్తుందని దానికి అర్థం.

ఇందులో కథనం ఎక్కడున్నదో చూద్దాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అరవై ఒక్క రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ఆ రోజులకు రాష్ట్ర ప్రభుత్వం జాలరి కుటుంబానికి భృతి ఇస్తుంది. ఇది మునుపు పది వేలు, 2025లో ఇరవై వేలు చేసినారు. ఆ ఏడాది ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి ఆ పథకాన్ని ప్రారంభించినది మన ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే. ఇక పశ్చిమ తీరంలో నిషేధం మొదలయ్యేది జూన్ ఒకటో తేదీన. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. మన తీరంలో పడవలు ఒడ్డుకు చేరిన ఏప్రిల్ నడుమ నుంచి మే చివరి దాకా వెరావల్ పడవలు సముద్రం మీదనే ఉండవచ్చు. మన మనిషి మన పడవ మీద లేడు, గుజరాత్ పడవ మీద ఉన్నాడు. ఇక్కడి అధికారులు పడవలను, వాటి కళాసీలను లెక్క వ్రాసుకొనే రోజున అతని పేరు ఏ జాబితాలోకి వస్తుంది?

ఇదీ ప్రశ్న. ఇంకా సమాధానం లేదు. సమాధానం లేకపోవడమే ప్రతిపాదనకు బలం. కాని ఇంతటితోనే లేఖ వ్రాయకూడదు. ప్రతిపాదనకు ముందు కొంత పని చేయాలి. ఎంత చేయాలన్నదే అందరూ అడిగే సందేహం. మా లెక్క ఏమంటే, రెండు రోజులు. ఒక రోజు కాగితాలతో: పథకం జీవో సంపాదించి అర్హతల నిబంధనలను అక్షరం అక్షరం చదవాలి. మేము గుమాస్తాలుగా బ్రతికినవాళ్లం కనుక చెబుతున్నాము, జీవోలో అసలు సంగతి మొదటి పేరాలో ఉండదు, అనుబంధంలో ఉంటుంది. పడవ రిజిస్ట్రేషను ఏ రాష్ట్రానిదై ఉండాలి, లెక్కింపు ఎక్కడ ఎప్పుడు జరగాలి, లెక్కింపు రోజున మనిషి స్వయంగా కనబడాలా అన్నవి అక్కడ చూడాలి. మరొక రోజు ఊరిలో: వెరావల్ వెళ్లే మూడు కుటుంబాలతోనూ, మత్స్యశాఖ గ్రామ సహాయకునితోనూ మాట్లాడాలి. ఇంకా లోతైన లెక్కలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు. చట్టం ప్రకారం దానికి ముప్పది రోజుల గడువు. జవాబు కోసం ప్రతిపాదనను ఆపనక్కర లేదు, ‘దరఖాస్తు వేసినాను’ అని తేదీతో వ్రాస్తే చాలు.

ఒక పరీక్ష కూడా పెట్టుకోవాలి. సమాధానం ఎటు తేలినా కథనం నిలుస్తుందా? వలస వెళ్లినవారికి భృతి రావడం లేదని తేలితే కథనం స్పష్టమే. వస్తున్నదని తేలితే? ఊరిలో లేని మనిషి పేరు ఏ పడవ మీద నమోదయింది, ఎవరు నమోదు చేసినారు, ఆ సొమ్ములో ఎవరి వాటా ఎంత అన్నది మరొక కథనమవుతుంది. కొందరికి వచ్చి కొందరికి రాకపోతే ఆ తేడాకు కారణమే కథనం. మూడింటిలో ఏది జరిగినా వ్రాయడానికి ఉన్నది కనుక ఇది మంచి ప్రశ్న. ఒకే జవాబు వస్తేనే నిలబడే ప్రశ్నకు సంపాదకుడు మొగ్గు చూపడు. ముందే తీర్పు వ్రాసుకొని ఊరికి వెళుతున్నారని అతనికి తెలిసిపోతుంది.

ఇక లేఖ. దానిని చదివి వినిపిస్తాము. ఇది కల్పించిన నమూనా మాత్రమే. మీరు మీ సంగతులు పెట్టుకోవాలి.

‘విషయం: కథన ప్రతిపాదన – గుజరాత్ పడవలపై ఉన్న శ్రీకాకుళం జాలరికి వేట నిషేధ భృతి అందుతుందా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఏప్రిల్ 15న మన తీరంలో వేట నిషేధం మొదలవుతుంది. కుటుంబానికి ఇరవై వేల రూపాయల భృతి కోసం పడవల వారీగా లెక్కింపు జరుగుతుంది. ఆ రోజులలో వెరావల్ రేవులో గుజరాత్ పడవలపై పనిచేసే మా ప్రాంతపు జాలర్లు ఆ లెక్కలోకి వస్తారా, రారా, వస్తే ఎలా అన్నది ఈ కథనంలో తెలియజేస్తాను.

ఎచ్చెర్ల మండలంలోని ఒక గ్రామంలో మూడు కుటుంబాలతో మాట్లాడినాను. ఇద్దరు తమ పేర్లతో వ్రాయడానికి అంగీకరించినారు. జీవోలోని అర్హతల నిబంధనలు చదివినాను. మత్స్యశాఖ అధికారి వివరణ, ఒక పడవ యజమాని మాట, వెరావల్‌లో ఉన్న ఇద్దరితో ఫోనులో సంభాషణ ఇంకా చేయవలసి ఉన్నవి.

వలస జాలర్ల అరెస్టు, విడుదల గురించి మీ పత్రికలో కథనాలు వచ్చినవి. ఈ భృతి కోణం వాటిలో లేదు.

1,200 పదాలు, ఐదు ఫోటోలు. మీ అంగీకారం తెలిసిన పన్నెండు రోజులలో అందజేయగలను. ఈ ప్రతిపాదనను ప్రస్తుతం మరెవరికీ పంపలేదు. నేను ఈ ప్రాంతవాసిని. ఇదివరకు వ్రాసిన రెండు కథనాల లింకులు క్రింద ఇచ్చినాను.’

ఇంతే. ఒక తెరలో పట్టాలి. సెల్‌ఫోనులో చదివినా రెండుసార్లు వేలితో జరిపితే అయిపోవాలి. ఇందులో దేని పని ఏమిటో గమనించండి. విషయం వరుసలోనే ప్రశ్న ఉన్నది. ‘ఒక వ్యాసం గురించి’ అని పెడితే ఆ మెయిలు వందలో ఒకటిగా కలిసిపోతుంది. మొదటి పేరాలో ఇప్పుడే ఎందుకు అన్నదానికి తేదీ జవాబు చెబుతున్నది. రెండవ పేరాలో చేసిన పని, చేయవలసిన పని విడివిడిగా ఉన్నవి. చాలామంది చేయని పనిని కూడా చేసినట్లు ధ్వనింపజేస్తారు. సంపాదకుడు ఫోను చేసి రెండు ప్రశ్నలు వేస్తే అది బయటపడుతుంది. మూడవ పేరా అన్నిటికంటె చిన్నది, కాని మీరు ఆ పత్రికను చదివినారని చెప్పేది అదే. కనీసం మూడు నెలల సంచికలు తిరగవేయకుండా ఆ వాక్యం వ్రాయలేరు.

పత్రికల స్వభావాలు పోల్చి చూడదలచినవారికి మన జిల్లాలోనే ఒక వసతి ఉన్నది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం. అది కథల కోసం ఏర్పడినది. అయినా ఒక్కొక్క పత్రిక ఎంత నిడివి ఇస్తుంది, ఎటువంటి ముఖచిత్రం వేస్తుంది, పాఠకుణ్ణి ఎవరనుకొంటుంది అన్నది పాత సంచికలు చేతిలో పట్టుకొని చూస్తే తెలిసినంతగా తెర మీద తెలియదు.

‘ఇదివరకు వ్రాసినవేవీ లేకపోతే ఏమి చేయాలి?’ అని ఒక తమ్ముడు చీటీ పంపినాడు. లేకపోతే లేవనకుండా, ఉన్నదేదో చెప్పాలి. ‘మా మేనమామ ఆ రేవులో ఐస్ వ్యాపారం చేస్తారు, అక్కడి వారు నాతో మాట్లాడతారు’ అన్నది రెండు లింకులకన్న గొప్ప అర్హత. మీ డిగ్రీ, మీకు వచ్చిన బహుమతులు అక్కడ పనిచేయవు.

ఎవరికి పంపాలన్నది కాలంతో ముడిపడిన సంగతి. మాసపత్రిక నెల ముందుగానే సంచిక నింపుకొంటుంది. దినపత్రికల ఆదివారం అనుబంధం రెండు మూడు వారాల ముందు. వెబ్‌సైటు రెండు రోజులలో కూడా వేయగలదు. ఏప్రిల్ 15ను పట్టుకొని వెనక్కు లెక్కిస్తే మాసపత్రికకు ఫిబ్రవరి చివరిలోగా, ఆదివారం అనుబంధానికి మార్చి నడుమ, వెబ్‌సైటుకు ఏప్రిల్ మొదటి వారంలో ప్రతిపాదన చేరాలి. ఏప్రిల్ 14న మాసపత్రికకు పంపితే వారి దృష్టిలో అది జూన్ సంచిక మాట, అప్పటికి నిషేధం ముగింపుకు వస్తుంది. అదే కథనాన్ని తేదీతో పని లేకుండా, ఒక కుటుంబపు ఏడాది జీవనంగా వ్రాయదలచితే, అటువంటి జీవన కథనాలు వేసే చోటు తగినది. గ్రామీణుల దైనందిన జీవితం, శ్రమ వారి ఇతివృత్తం. ఫోటోలకు అక్కడ అక్షరాలతో సమానమైన స్థానం. అందుచేత వారికి పంపే లేఖలో భృతి ప్రశ్నకన్న మనుషులు ముందుకు రావాలి. కథనం ఒకటే, లేఖలు మాత్రం వేరు.

ఫోటోల మాట వచ్చింది కనుక ఒక చిక్కు. మగవారు వెరావల్‌లో ఉన్న నెలలలో ఊరికి వెళితే పడవల మీద మనుషులు మీకు దొరకరు, ఇళ్లలో స్త్రీలూ వృద్ధులూ దొరుకుతారు. ‘ఐదు ఫోటోలు’ అని వ్రాసే ముందు ఏ ఐదో తెలిసి ఉండాలి.

మెయిల్ పంపేటప్పుడు తెలుగు వారికి ఉన్న బాధ ఒకటున్నది. అను ఫాంటులో టైపు చేసి పంపితే అవతల ఆ ఫాంటు లేనివారికి గజిబిజి అక్షరాలు కనబడతవి. లేఖను యూనికోడ్‌లో, మెయిల్ లోపలే వ్రాయాలి. జతపరచిన ఫైలును తెరిచే ఓపిక ప్రతిపాదన దశలో ఎవరికీ ఉండదు. వ్యాసం అంగీకరించిన తర్వాత ఏ ఫాంటు కావాలో వారినే అడగవచ్చు.

పంపినాము, జవాబు లేదు. ఇక్కడే చాలామంది జారిపోతారు. కొందరు మూడవ రోజే ఫోను చేసి, ‘అందిందా సార్’ అంటారు. కొందరు మూడు నెలలు మౌనంగా అలిగి ఉంటారు. ఆఫీసులలో మాకు రిమైండరు అన్న మంచి అలవాటు ఉండేది. మొదటి ఉత్తరం నంబరు, తేదీ చూపి, వివాదం లేకుండా గుర్తుచేయడం. అదే పద్ధతి. తేదీతో ముడిపడిన కథనానికి మూడు నాలుగు రోజులు, తక్కినవాటికి రెండు వారాలు వేచి, పాత మెయిల్‌కే జవాబుగా రెండు వాక్యాలు వ్రాయాలి: ‘ఫలానా తేదీన పంపిన ప్రతిపాదన గురించి గుర్తుచేస్తున్నాను. ఈ నెల 20లోగా మీ అభిప్రాయం తెలియకపోతే మరొక పత్రికకు పంపుకొంటాను.’ వీలయితే ఆ రిమైండరులో కొత్త సంగతి ఒకటి చేర్చాలి. ‘మత్స్యశాఖ అధికారి నిన్న మాట్లాడినారు’ అంటే పాత ప్రతిపాదనకు కొత్త ప్రాణం. ఒక్క రిమైండరే. గడువు దాటితే నిజంగానే మరొకరికి పంపాలి. ఒకే కథనాన్ని ఒకేసారి ఇద్దరికి పంపితే, ఇద్దరూ సరేనన్న రోజున ఒకరితో శాశ్వతంగా మాట పోతుంది. ఈ రెండు జిల్లాల పత్రికా ప్రపంచం చిన్నది.

దీనికోసం ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఆఫీసు భాషలో డిస్పాచ్ రిజిస్టరు. కథనం పేరు, ఎవరికి, ఏ తేదీన, రిమైండరు ఎప్పుడు, జవాబు ఏమిటి. పది ప్రతిపాదనలు దాటిన తర్వాత ఆ పుస్తకం చూస్తే ఒక సంగతి కనబడుతుంది. ఏ పత్రిక ఎన్ని రోజులకు జవాబిస్తుందో, ఏది ఎన్నటికీ ఇవ్వదో.

‘కాదు’ అన్న జవాబులో కూడా తేడాలున్నవి. ‘ఈ కోణం మేము ఇదివరకే వేసినాము’ అంటే మీరు సంచికలు చూడలేదని అర్థం. ‘ఇప్పుడు స్థలం లేదు’ అంటే మరొక ప్రతిపాదన పంపవచ్చునని. మన పిల్లలకు ప్రత్యేకంగా ఎదురయ్యే జవాబు మూడవది: ‘ఇది వద్దు గాని, రంజాన్ మీద ఏదైనా వ్రాసిస్తారా?’ ముస్లిం పేరు చూడగానే హలీమూ, అత్తరూ గుర్తుకు వచ్చే సంపాదకులు ఉన్నారు. వ్రాయదలచుకొంటే వ్రాయండి, తప్పు లేదు. కాని ఆ జవాబులోనే, ‘అది వ్రాస్తాను, దీనిని ఏ విధంగా మారుస్తే మీకు పనికివస్తుంది’ అని అడగాలి. జాలరి భృతి మీద వ్రాయడానికి జాలరి కులంలో పుట్టనక్కర లేదు. మన పేర్లతో వచ్చే కథనాలు మన వాడల గురించే ఉండాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. మనమే పెట్టుకొంటే అంతకన్న అన్యాయం లేదు.

ఇక తరచు వినబడే భయం, ఆలోచన దొంగిలిస్తారేమోనని. చట్టం మాట సూటిగా చెబుతున్నాము: ఆలోచనకు కాపీరైటు లేదు. 1978లో ఆర్. జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. వ్రాసిన అక్షరాలకే రక్షణ. కాబట్టి ప్రతిపాదనలో ప్రశ్న చెప్పండి, దానికి దారి చూపే మనుషుల పేర్లు, ఫోను నంబర్లు, ఊరి పేరు చెప్పకండి. పైన నమూనాలో ‘ఎచ్చెర్ల మండలంలోని ఒక గ్రామం’ అన్నది అందుకే. ఆ కుటుంబాలు మిమ్మల్ని నమ్మి మాట్లాడినవి, వారిని కాపాడడానికి కూడా అదే పద్ధతి.

‘పంపండి’ అన్న జవాబు వచ్చిన రోజున సంతోషంలో మరచిపోయేవి కొన్ని. ఎన్ని పదాలు, ఏ తేదీకి, పారితోషికం ఎంత, ఫోటోలకు వేరుగా ఇస్తారా, ప్రయాణ ఖర్చులు ఇస్తారా, ఎవరి పేరుతో వస్తుంది, ఎప్పుడు చెల్లిస్తారు. తెలుగు పత్రికలలో పారితోషికం తక్కువ, కొన్నిటిలో అసలు లేదు. లేదన్న సంగతి ముందే తెలిస్తే వ్రాయాలో మానాలో మీరే నిర్ణయించుకోవచ్చు. అందుకని అడగడానికి సిగ్గుపడకూడదు. ఫోనులో మాట్లాడినా, తర్వాత ఒక మెయిల్ వ్రాసి ఉంచాలి: ‘ఈ రోజు మాట్లాడుకొన్న ప్రకారం 1,200 పదాలు, 25వ తేదీ, ఇంత మొత్తం.’ వారు జవాబివ్వకపోయినా ఆ కాగితం మీ దగ్గర ఉంటుంది.

హక్కుల సంగతి కూడా అక్కడే తేల్చుకోవాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం పత్రికలో ఉద్యోగి కాని రచయితే తన రచనకు మొదటి హక్కుదారు. ఆ హక్కు బదిలీ చేయాలంటే వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఆ పత్రంలో కాలపరిమితి వ్రాయకపోతే ఐదేళ్లుగా, ప్రదేశం వ్రాయకపోతే భారతదేశానికి పరిమితంగా చట్టం భావిస్తుంది. ‘సర్వహక్కులూ మావే’ అన్న ఫారం మీద సంతకం చేసే ముందు అనువాదం, పుస్తకరూపం మాట అడగండి. తెలుగులో వచ్చిన జాలరి కథనాన్ని రేపు గుజరాతీలో, వెరావల్‌లో ఎవరైనా వేయదలచవచ్చు.

ఇప్పుడు టీ వస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ తెల్లకాగితం మీద రెండు వాక్యాలు మాత్రం వ్రాసి మాకు ఇవ్వండి. మొదటిది మీ ప్రశ్న, రెండవది ఇప్పుడే ఎందుకు. పేరు వ్రాయనక్కర లేదు. అవి ముందర పెట్టుకొని సాయంత్రం దాకా కూర్చుందాం.